రాఖీకి బడ్జెట్ వారీ గిఫ్ట్ గైడ్ రాయడం ఎలా: లెక్క దగ్గర మొదలుపెట్టి చివరి తేదీ దాకా

రాఖీ పౌర్ణమికి రెండు వారాల ముందు పలమనేరు నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. "ఐదొందల లోపు అని రాసినారు కదమ్మా, ఇక్కడ ఆరొందల పన్నెండు చూపిస్తా ఉంది. నేనేమన్నా తప్పు నొక్కినానా?" ఆమె తప్పేమీ లేదు. నేను రాసిన గైడ్‌లో ఆ వస్తువు ధర 479. రాఖీ, ప్యాకింగ్, కొరియర్ కలిసేసరికి 612 అయింది. బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపడానికి ఆమె ఐదొందలు పక్కన పెట్టుకున్నారు. ఆ రోజు ఆర్డర్ పెట్టకుండానే ఫోన్ పెట్టేశారు.

అప్పటినుంచి తిరుపతిలో మా చిన్న ఆన్‌లైన్ గిఫ్ట్ షాపుకి ఏటా రాఖీ గైడ్ నేనే రాస్తున్నాను. మొదట లెక్క చూసుకుంటాను, రాయడం ఆ తర్వాతే. అదే వరుసలో ఇక్కడ చెబుతాను.

1. కొనేది అక్కా, అన్నా?

చాలా గిఫ్ట్ గైడ్లు ఇక్కడే తడబడతాయి. "అన్నాచెల్లెళ్ల కోసం బహుమతులు" అని ఒకే పేజీలో అన్నీ కలిపేస్తారు. కానీ రాఖీకి కొనేవాళ్లు రెండు రకాలు. ఇద్దరి అవసరాలూ వేరు.

ఒకరు అక్క లేదా చెల్లెలు. ఊరికి దూరంగా ఉన్న అన్నకో తమ్ముడికో రాఖీ పంపాలి, దాంతోపాటు ఏదో చిన్న వస్తువు పెట్టాలి. అసలు ముఖ్యం రాఖీ. అది పౌర్ణమి రోజుకి చేతికి అందాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ఆ పార్సిల్‌కి అర్థం లేదు. అందుకని వీళ్లు ముందే వస్తారు. మా షాపులో వీళ్ల ఆర్డర్లు ఎక్కువగా మూడొందల నుంచి ఆరొందల మధ్య ఉంటాయి.

ఇంకొకరు అన్న లేదా తమ్ముడు. రాఖీ కట్టించుకున్నాక చెల్లెలి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. వీళ్లు చివరి నాలుగు రోజుల్లో వస్తారు, కొందరైతే పండగ రోజు పొద్దున్నే వస్తారు. ఖర్చుకి కొంచెం ఎక్కువే సిద్ధపడతారు. గిఫ్ట్ రెండు రోజులు ఆలస్యమైనా వీళ్లలో చాలామంది సర్దుకుంటారు.

అందుకే రెండు పేజీలు రాయండి. "అన్నకి, తమ్ముడికి పంపడానికి" ఒకటి, "అక్కకి, చెల్లికి ఇవ్వడానికి" ఒకటి. అంత సరుకు లేకపోతే ఒకే పేజీలో రెండు భాగాలైనా చేయండి. ఒక్క బడ్జెట్ శీర్షిక కింద మాత్రం ఇద్దరినీ కలపకండి. "వెయ్యి లోపు" అని చూసి వచ్చిన అన్నకి వరసగా పర్సులు, షేవింగ్ కిట్లు కనబడితే పేజీ మూసేస్తాడు.

ఇక్కడినుంచి మొదటి పేజీనే, అంటే దూరంగా ఉన్న తమ్ముడికి పంపే అక్క పేజీనే తీసుకుని చెబుతాను. ఎక్కువ కష్టం దాంట్లోనే ఉంది.

2. బడ్జెట్ గీతలు ఎక్కడ గీయాలి

500, 1000, 2000 అని కళ్లు మూసుకుని గీయకండి. పోయిన ఏడాది రాఖీ ఆర్డర్ల షీట్ తెరవండి. కస్టమర్ చివరికి కట్టిన మొత్తం ఉన్న కాలమ్‌ని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి వరుస పెట్టి, పైనుంచి కిందకి నిదానంగా చదవండి. ఆర్డర్లు కొన్ని చోట్ల గుంపుగా ఉంటాయి, కొన్ని చోట్ల పలచబడతాయి. పలచబడిన చోట మీ గీత పడాలి. మాకు 500 దగ్గర, 1000 దగ్గర సరిగ్గా పడ్డాయి. మూడోది 2000 దగ్గర కాకుండా 1500 దగ్గర పడింది. అందుకే మా పేజీలో ఆఖరి శీర్షిక "1500 లోపు". ఆ పైన రెండే వస్తువులు ఉంటాయి, వాటికి వేరే శీర్షిక పెట్టలేదు.

మొదటి ఏడాది షాపైతే ఆ షీట్ ఉండదు. అప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నలు చూడండి. "మూడొందల్లో ఏమన్నా ఉందా", "వెయ్యిలోపు చూపించండి" అని జనం వాళ్లంతట వాళ్లే గీతలు చెబుతుంటారు.

శీర్షికలో "చవక", "బడ్జెట్ ఫ్రెండ్లీ" లాంటి మాటలు రాయకండి. హాస్టల్లో ఉండి చదువుకునే చెల్లెలు మూడొందలు మిగుల్చుకుని పంపుతుంది. తను పంపేదాన్ని చవక అని మనం అనకూడదు. "300 లోపు" చాలు.

3. ఐదొందల లోపు అంటే మొత్తం ఐదొందల లోపు

పలమనేరు అక్క ఫోన్ తర్వాత మేము పెట్టుకున్న నియమం ఇది: శీర్షికలో ఉన్న అంకె కస్టమర్ చివరి స్క్రీన్‌లో కట్టే అంకె. అందుకని వస్తువు ధర నుంచి పైకి లెక్క కట్టడం మానేసి, శీర్షిక అంకె నుంచి కిందకి వస్తాం.

499 తీసుకుందాం. దక్షిణాది ఊళ్లకి అర కిలో లోపు పార్సిల్‌కి మాకు కొరియర్ 75. పోతే 424. అట్టపెట్టె, లోపల కాగితం, టేపు కలిపి 28. పోతే 396. ఆన్‌లైన్ పేమెంట్‌కి గేట్‌వే తీసుకునే రెండు శాతం, దాని మీద జీఎస్టీ కలిపి సుమారు 12. పోతే 384. రాఖీ 40, చేత్తో రాసే చిన్న కార్డు 10. మిగిలింది 334. అంటే "500 లోపు" కింద పెట్టదగిన వస్తువు అమ్మకం ధర గరిష్ఠంగా 334. మన లాభం కూడా ఆ 334లోనే ఉండాలి. మీ కొరియర్ రేటు, పెట్టె ఖర్చు వేరుగా ఉంటాయి, కానీ లెక్క వరుస ఇదే.

ఇందులో అందరూ పొరబడేది కొరియర్ దగ్గర. మనం తూకం చూస్తాం, కొరియర్ వాళ్లు పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది దాన్ని 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువుకన్నా ఎక్కువైతే బిల్లు దాని మీదే. 20, 15, 6 సెంటీమీటర్ల పెట్టె అయితే 1800, భాగిస్తే 0.36 కిలో. అర కిలో లోపే. అదే వస్తువుని అందంగా కనబడాలని 25, 20, 12 పెట్టెలో పెడితే 6000, భాగిస్తే 1.2 కిలో. లోపల ఉన్నది రెండొందల గ్రాముల వస్తువే, కానీ కొరియర్‌కి కిలో పైన కట్టాలి. ఆ ఒక్క పెట్టె వల్ల వస్తువు ఐదొందల గీత దాటిపోతుంది. కాబట్టి గైడ్‌లోకి ఏ వస్తువు తీసుకున్నా ముందు దాన్ని పెట్టెలో పెట్టి, టేపు వేసి, స్కేలుతో కొలిచి ఆ తర్వాతే ఏ శీర్షిక కిందకి వస్తుందో నిర్ణయించండి.

పన్ను గురించి ఒక్క మాట. విలువైన లోహాలు, రాళ్లు లేని మామూలు రాఖీకి 2018 జూలై నుంచి జీఎస్టీ లేదు. అయితే రాఖీ, ఒక గిఫ్ట్, చాక్లెట్లు కలిపి ఒకే ధరకి కాంబోగా అమ్మితే మొత్తం మీద పన్ను, అందులో ఎక్కువ రేటున్న వస్తువుని బట్టి పడుతుంది. కాంబో ధర వేసే ముందు మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి. మేము వీలైనంత వరకు వస్తువులకి విడివిడి ధర వేసి, బిల్లులో విడివిడిగానే చూపిస్తాం.

మొత్తం ధర ముందే చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల్లో వాడకూడని 13 పద్ధతుల జాబితా ఇచ్చింది. మొదట తక్కువ ధర చూపించి, చివరి స్క్రీన్‌లో ఖర్చులు కలపడం అందులో ఒకటి. సరుకు ఉండగానే "రెండే మిగిలాయి" అని తొందరపెట్టడం ఇంకొకటి. పండగ గైడ్లలో ఈ రెండూ ఎంత మామూలైపోయాయంటే, తప్పని కూడా అనిపించదు. మీరు రాయకండి.

4. ఒక్కో శీర్షిక కింద నాలుగు, ఎక్కువైతే ఐదు

పది వస్తువులు పెడితే చదివే మనిషి మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు గైడ్ అవసరమే లేదు, షాపు పేజీ చాలు. నాలుగైతే నాలుగు రకాల తమ్ముళ్లకి సరిపోవాలి: ఉద్యోగానికి వెళ్లేవాడు, చదువుకునేవాడు, బడి పిల్లవాడు, వస్తువులంటే పెద్దగా ఇష్టం లేనివాడు. ఆఖరివాడికి తినేది పెడతాం.

తినేవాటిలో జాగ్రత్త ఉండాలి. ఆగస్టు ఎండా వానల్లో నాలుగు రోజులు ప్రయాణం చేసేది ఏది? చాక్లెట్ కరుగుతుంది. పూతరేకులు నలిగిపోతాయి, బొబ్బట్లు పాడైపోతాయి. మామిడి తాండ్ర, పల్లీ చిక్కీ, జీడిపప్పు నిలుస్తాయి. "తిరుపతి నుంచి కదా, లడ్డూ పెట్టి పంపండి" అని ప్రతి ఏడాదీ అడుగుతారు. శ్రీవారి లడ్డూ ప్రసాదం, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని గిఫ్ట్ బాక్సులో సరుకుగా పెట్టి అమ్మేది లేదని మేము పేజీలోనే రాసేశాం.

సరుకు విషయం: గైడ్‌లో పెట్టే ప్రతి వస్తువూ చివరి తేదీ దాకా ఉంటుందన్న నమ్మకం ఉండాలి. చేతిపని వస్తువులైతే చేసేవాళ్లని అడిగి, ఎన్ని ఇవ్వగలరో రాసుకోండి. ఒక్కో శీర్షికకి ఒక బదులు వస్తువుని ముందే ఎంచుకుని, ఫోటో తీసి, వివరణ రాసి పక్కన పెట్టుకోండి. ఏదైనా అయిపోయిన రోజు రాత్రి పదకొండింటికి టెన్షన్ పడుతూ రాయాల్సిన పని ఉండదు.

5. ఒక వస్తువు వివరణ, దగ్గరనుంచి

మా "500 లోపు" కింద మొదటి వస్తువు శ్రీకాళహస్తి కలంకారీ పౌచ్. ఫోన్ ఛార్జర్, ఇయర్‌ఫోన్లు, పెన్నులు పెట్టుకోవడానికి జిప్పున్న చిన్న సంచి. ధర 320. రాఖీ, కార్డు, పెట్టె, కొరియర్, గేట్‌వే అన్నీ కలిపితే 485.

మొదటి ఏడాది దానికి నేను రాసిన వివరణ ఇది: "మీ ప్రియమైన సోదరుడికి మరపురాని బహుమతి. సంప్రదాయ కళాత్మకత ఉట్టిపడే అద్భుతమైన పౌచ్." ఇది చదివి ఎవరికీ ఏమీ తెలియదు. సైజెంతో లేదు, దేనికి పనికొస్తుందో లేదు, చేత్తో వేసిందా ప్రింటా అన్నదీ లేదు.

ఇప్పుడున్నది ఇది:

"శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీసిన బట్ట. పొడవు 20, వెడల్పు 11 సెంటీమీటర్లు. ఫోన్ ఛార్జరు, పవర్ బ్యాంకు పడతాయి, లాప్‌టాప్ ఛార్జరు పట్టదు. చేతిపని కాబట్టి మీకు వచ్చేదాని మీద నెమలి ఫోటోలో ఉన్నట్టే ఉండదు, గీత కొంచెం అటూ ఇటూ ఉంటుంది. చల్లనీళ్లలో విడిగా ఉతకాలి. రోజూ ఆఫీసు బ్యాగు మోసే తమ్ముడికి బాగుంటుంది. రాఖీ, డెలివరీతో కలిపి 485."

ఆ "పట్టదు" అన్న మాట పెట్టాక "లాప్‌టాప్ ఛార్జర్ పెట్టుకోవచ్చా" అన్న ప్రశ్న రావడం ఆగిపోయింది, వాపసులు తగ్గాయి. వస్తువు దేనికి పనికిరాదో ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

కలంకారీ అన్న మాట వాడేటప్పుడు మీకు తెలిసి వాడాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో బట్టని కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టి, బెల్లంతో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన నల్లరంగుతో కలం పట్టుకుని గీస్తారు. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో వేసేది, అదీ అసలైనదే, కానీ వేరే పని. ఈ రెండూ కాకుండా మిల్లులో స్క్రీన్ మీద అచ్చువేసిన "కలంకారీ డిజైన్" బట్ట మార్కెట్ నిండా ఉంది. తేడా చూడాలంటే ఒకే బొమ్మ ఉన్న రెండు ముక్కలు పక్కపక్కన పెట్టండి. గీతలు తూచినట్టు ఒకేలా ఉంటే మిల్లు ప్రింటు. చేత్తో గీసినదాంట్లో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. రంగు వెనక్కి కూడా కొంత దిగుతుంది. ప్రింటు బట్ట అమ్మడంలో తప్పు లేదు, "ప్రింటు" అని రాసి అమ్మండి. 150 రూపాయల పౌచ్‌కి "చేత్తో గీసిన" అని రాస్తే కళాకారుడి కడుపు కొట్టినట్టే.

ఫోటో విషయంలో ఒక్కటే చెబుతాను. వస్తువుని ఎవరి చేతిలోనైనా పెట్టి ఒక ఫోటో తీయండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పౌచ్ ఎంత ఉందో ఎవరికీ అర్థం కాదు, చేతిలో ఉంటే చెప్పనక్కర్లేదు.

6. పేజీ అడ్రసులో సంవత్సరం పెట్టకండి

రాఖీ శ్రావణ పౌర్ణమికి వస్తుంది కాబట్టి తేదీ ఏటా మారుతుంది. 2024లో ఆగస్టు 19, 2025లో ఆగస్టు 9. 2026లో అధిక మాసం రావడంతో ఆగస్టు 28కి జరిగింది. అలాగని ఏటా కొత్త పేజీ చేస్తే పోయిన ఏడాది పేజీకి గూగుల్‌లో వచ్చిన స్థానం పోతుంది, మళ్లీ మొదటినుంచి మొదలు. అడ్రసు ఒకటే ఉంచండి, పైన శీర్షికలో సంవత్సరం మార్చండి, లోపల సరుకు మార్చండి. ప్రతి బడ్జెట్ శీర్షికకీ ఒక గుర్తు పెట్టండి:

```html
<h2 id="under-500">500 లోపు: తమ్ముడికి, అన్నకి రాఖీ గిఫ్ట్స్</h2>
```

అప్పుడు వాట్సాప్‌లో ఎవరైనా "ఐదొందల్లో ఏముంది" అని అడిగితే పేజీ అంతా పంపకుండా `/rakhi-gifts/#under-500` అని ఆ చోటికే లింక్ పంపొచ్చు. మా ఆర్డర్లలో చాలావరకు ఇలా పంపిన లింకుల నుంచే వస్తాయి.

జనం వెతికేటప్పుడు "సోదరుడు" అని టైప్ చేయరు. `rakhi gifts for brother under 500` అని ఇంగ్లీషు అక్షరాల్లోనో, "తమ్ముడికి రాఖీ గిఫ్ట్" అని తెలుగులోనో కొడతారు. ఆ మాటలే శీర్షికలో, మొదటి పేరాలో సహజంగా ఉండనివ్వండి.

7. తేదీలు వెనక్కి లెక్కపెట్టడం

ఈ పేజీలో అన్నిటికన్నా పైన ఉండాల్సింది చివరి తేదీల పెట్టె. వస్తువుల కన్నా పైన, ఫోటో కన్నా పైన. పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 2026లో ఆగస్టు 28 శుక్రవారం. పార్సిల్ 26కే చేరేలా చూసుకుంటాం, ఒక్కరోజు ఆలస్యమైనా 27 మిగిలి ఉంటుంది.

ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా వైపు మేము ఆరు పనిదినాలు వేసుకుంటాం. 26 నుంచి వెనక్కి, 23 ఆదివారం వదిలేస్తే, 19 బుధవారం పార్సిల్ తిరుపతిలో కదలాలి. ప్యాకింగ్‌కి ఒక రోజు. కాబట్టి ఆర్డర్లకి చివరి రోజు 18. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకి 21 శుక్రవారం. విదేశాలకి జూలై 31న ఆపేస్తాం. చిత్తూరు, పలమనేరు, మదనపల్లెలకి ఆర్టీసీ కార్గోలో 26 సాయంత్రం వేస్తాం, మరుసటి రోజు వాళ్లు బస్టాండులో తీసుకుంటారు. తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి లోపల అయితే 27 సాయంత్రం వరకు మా అబ్బాయే బండి మీద ఇచ్చేస్తాడు.

ఆగస్టు 15 శనివారం, 16 ఆదివారం. వరుసగా రెండు సెలవులు. 14న వచ్చిన ఆర్డర్ 17నే కదులుతుంది, అది కూడా చివరి తేదీల పెట్టెలో రాయండి. దూర ఊళ్ల ఆర్డర్లు ఎక్కువ ఆ వారంలోనే వస్తాయి.

గడువు దాటిన ఊరి పేరుని ఆ రోజు రాత్రే తీసేయాలి. 21 దాటాక పేజీ మొత్తం తిప్పేస్తాం: పైన అన్నలు కొనే భాగం, కింద తిరుపతిలో ఇచ్చేవి. అందదని తెలిసీ ఆర్డర్ తీసుకోవడం కన్నా "ఇక ఢిల్లీకి అందదు, రాఖీ మాత్రం స్పీడ్ పోస్టులో మీరే పంపండి" అని రాయడం మంచిది. మేము అలా చెప్పి పంపినవాళ్లు మరుసటి ఏడాది ముందుగా వచ్చారు.

గైడ్ పెట్టడానికి జూలై మొదటి వారం మంచి సమయం. గూగుల్ పేజీని గుర్తించి చూపించడానికి వారాలు పడుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం మూడు వారాల ముందు చాలు, అంతకుముందు పెడితే ఎవరూ పట్టించుకోరు.

8. ఎక్కడ తప్పిందో ఎలా తెలుస్తుంది

పేజీ పెట్టిన మొదటి వారం రోజూ పది నిమిషాలు చూడండి. జనం వస్తువు నొక్కుతున్నారు, కార్టులో వేస్తున్నారు, కానీ కట్టకుండా వెళ్లిపోతున్నారంటే ధర ఎక్కడో పెరుగుతోంది. మీరే మీ ఫోన్లో వేరే ఊరి పిన్‌కోడ్ వేసి ఆర్డర్ పెట్టి చూడండి. పలమనేరు అక్క చూసిన 612ని నేను ఆ రోజు అలాగే చూశాను.

"డెలివరీ ఎంత", "ఎప్పుడొస్తుంది" అని వాట్సాప్‌లో పదే పదే అడుగుతున్నారంటే ఆ సమాచారం పేజీలో లేదు, లేదా ఫోన్ స్క్రీన్‌లో కిందకి పోయింది. ఒక శీర్షిక కింద ఒకే వస్తువు అమ్ముడుపోయి మిగతావి కదలకపోతే, మిగతావాటి వివరణ చదవండి. చాలాసార్లు వస్తువులో లోపం ఉండదు, ఎవరికి బాగుంటుందో చెప్పే వాక్యం లేకపోవడమే కారణం.

పండగ అయ్యాక పేజీని తీసేయకండి. సరుకు లింకులు తీసి, "వచ్చే రాఖీకి జూలైలో కలుద్దాం, ఇప్పుడు ఇవి ఉన్నాయి" అని రెండు వాక్యాలు పెట్టి ఉంచండి. దీపావళి తర్వాత విదియ రోజు భగినీ హస్త భోజనం వస్తుంది. తోబుట్టువు ఇంటికి భోజనానికి వెళ్లే అన్నలు, తమ్ముళ్లు చీర కోసమో, ఇంటికి పనికొచ్చే వస్తువు కోసమో చూస్తారు. రాఖీకి రాసిన రెండో భాగాన్ని కొద్దిగా మార్చి ఆ వారం మళ్లీ పైకి తెస్తాం. దానికి మా దగ్గర "500 లోపు" ఉండదు, వెయ్యి దగ్గరే మొదలవుతుంది.